పరీక్షకు ముందు రెండో మానిటర్ వైరు పీకేయండి

ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాసే పరీక్షల్లో ఒక నియమం దాదాపు అన్నిచోట్లా కనిపిస్తుంది: తెర ఒక్కటే ఉండాలి. జీఆర్ఈ అయినా, పియర్సన్ వ్యూ వాళ్ల ఆన్‌వ్యూలో రాసే క్లౌడ్ సర్టిఫికేషన్ అయినా ఇందులో మినహాయింపు లేదు. పరీక్ష సాఫ్ట్‌వేర్ ఒక తెరను పూర్తిగా తన గుప్పిట్లోకి తీసుకోగలదు. పక్కన ఇంకో తెర వెలుగుతుంటే అందులో ఏముందో అవతల కూర్చున్న ప్రాక్టర్‌కు కనపడదు. వెబ్‌క్యామ్ మన ముఖాన్ని చూస్తుంది గానీ, మన ముఖం ముందున్నదాన్ని చూడలేదు. జీఆర్ఈలో అభ్యర్థి చేత అద్దమో ఫోనో పట్టించి సొంత తెరనే చూపించమనడం కూడా అందుకే.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్ల బల్ల మీద లాప్‌టాప్ పక్కన ఒక 24 అంగుళాల మానిటర్ ఉండటం ఇప్పుడు మామూలే. నెలల తరబడి వాడి వాడి దాన్ని తమకు నచ్చినట్టు అమర్చుకుని ఉంటారు. మానిటర్ ఎడమ పక్కన, కాస్త ఎత్తులో, అదే ప్రధాన తెర, అక్షరాల సైజు ఇంత అని. పరీక్ష కోసం వైరు పీకితే ఈ అమరికంతా చెదిరిపోతుందేమోనని చాలామందికి బెంగ. అందుకని వైరు అలాగే ఉంచి మానిటర్ బటన్ నొక్కి ఆపేస్తారు. లేదంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ తెరను నిలిపేస్తారు. నన్నడిగితే ఈ రెండూ తప్పు దారులే. పరీక్షకు ఏది క్షేమమో అమరికకూ అదే క్షేమం: లాప్‌టాప్ దగ్గర వైరు పీకేయడం, తర్వాత మళ్లీ అదే రంధ్రంలో పెట్టడం.

ఎందుకో తెలియాలంటే విండోస్ ఈ అమరికను ఎలా గుర్తుపెట్టుకుంటుందో చూడాలి. ప్రతి మానిటర్ లోపలా ఒక చిన్న చిప్ ఉంటుంది. కంపెనీ, మోడల్, పనిచేయగల రిజల్యూషన్లు అందులో రాసి ఉంటాయి. వైరు తగలగానే కంప్యూటర్ దాన్ని చదువుతుంది. ఏ ఏ తెరలు, ఏ ఏ పోర్టులకు తగిలి ఉన్నాయో చూసి, ఆ జట్టుకో పద్దు తెరుస్తుంది. ఎవరు ఎడమ, ఎవరు కుడి, ఎవరు ప్రధానం, రిజల్యూషన్ ఎంత అన్నవి ఆ పద్దులో ఉంటాయి. లాప్‌టాప్ తెర ఒక్కటే ఉన్నప్పుడు ఒక పద్దు, లాప్‌టాప్‌తో పాటు మానిటర్ ఉన్నప్పుడు ఇంకో పద్దు. వైరు పీకితే రెండో పద్దు చెరిగిపోదు, మూసి పక్కన పెట్టినట్టు ఉంటుంది. అదే మానిటర్‌ను అదే పోర్టుకు తగిలిస్తే మళ్లీ తెరుచుకుంటుంది.

సెట్టింగ్స్‌లో నిలిపేస్తే జరిగేది వేరు. కీబోర్డు మీద Win+P నొక్కి PC screen only ఎంచుకున్నారనుకోండి. వైరు తగిలే ఉంది కాబట్టి జట్టు మారలేదు. మారింది ఆ జట్టు పద్దే. "ఈ రెండూ కలిసి ఉన్నప్పుడు లాప్‌టాప్ తెర మాత్రమే వెలగాలి" అని విండోస్ రాసుకుంటుంది. పరీక్ష అయ్యాక, లేదా రెండ్రోజుల తర్వాత వైరు పెట్టి చూస్తే మానిటర్ నల్లగానే ఉంటుంది. అది పాడైందనుకుని వైరు మార్చేవాళ్లూ ఉన్నారు. నిజానికి Win+P నొక్కి Extend అంటే సరిపోతుంది. అయితే పాత స్థానంలోకే రావాలని లేదు. ఒక్కోసారి ఎడమ పక్క మానిటర్ కుడి పక్కకు చేరుతుంది. పరీక్ష సాఫ్ట్‌వేర్ వైపు నుంచి కూడా ఇందులో అనుమానానికి తావుంది. వెలుగుతున్న తెరలనే లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోవచ్చు. తగిలి ఉన్నవాటిని లెక్కపెట్టేది ఒప్పుకోదు. Duplicate ఎంచుకుని రెండు తెరల మీదా ఒకే బొమ్మ చూపించడమైతే అసలు పనికిరాదు. బొమ్మ ఒకటే అయినా తెరలు రెండే కదా.

ఇక మానిటర్ బటన్ నొక్కే పద్ధతి. హెచ్‌డీఎంఐ వైరులో కంప్యూటర్ వైపు నుంచే 5 వోల్టుల కరెంటు మానిటర్‌లోని ఆ చిప్‌కు అందుతుంటుంది. అందుకే చాలా మానిటర్లు ఆపేసి ఉన్నా "నేనున్నాను" అని కంప్యూటర్‌కు చెబుతూనే ఉంటాయి. తెర నల్లగా ఉంటుంది, విండోస్ మాత్రం దాన్ని లెక్కలోనే ఉంచుతుంది. మౌస్ బాణం ఆ చీకట్లోకి వెళ్లి మాయమవుతుంది. పరీక్ష సాఫ్ట్‌వేర్ రెండు తెరలున్నాయని మొరాయిస్తుంది. డిస్‌ప్లేపోర్ట్ వైరైతే బటన్ నొక్కగానే చాలా మానిటర్లు నిజంగానే తప్పుకుంటాయి. ఒకరికి పనిచేసిన చిట్కా ఇంకొకరికి పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

ఒక కేసు పూర్తిగా చూద్దాం. కూకట్‌పల్లిలో ఉండే ఒకాయనకు శనివారం ఉదయం 10 గంటలకు పరీక్ష ఉందనుకుందాం. 14 అంగుళాల లాప్‌టాప్, అక్షరాల సైజు 150 శాతం. ఎడమ పక్కన 24 అంగుళాల మానిటర్, సైజు 100 శాతం, అదే ప్రధాన తెర. శుక్రవారం సాయంత్రం ఆయన Settings, అందులో System, అందులో Display తెరవాలి. పైన 1, 2 అంకెలతో రెండు పెట్టెలు కనిపిస్తాయి. Identify నొక్కితే ఏ అంకె ఏ తెరదో పెద్దగా చూపిస్తుంది. ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. తర్వాత ఒక్కో పెట్టె మీద నొక్కి Scale, Display resolution ఎంతున్నాయో, Make this my main display ఏ తెరకు టిక్ అయి ఉందో మరో రెండు ఫొటోలు. లాప్‌టాప్ పక్కన వైరు ఏ రంధ్రంలో ఉందో ఇంకో ఫొటో. విండోస్ 11 అయితే అక్కడే Multiple displays కింద Remember window locations based on monitor connection టిక్ అయి ఉందో లేదో కూడా చూసుకోవాలి. అది ఉంటే మానిటర్ తిరిగి వచ్చాక దాని మీది విండోలు తమ చోటికి తామే వెళతాయి.

ఫొటోలయ్యాక వైరు పీకాలి, అదీ శుక్రవారం సాయంత్రమే. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, మానిటర్‌తో పాటు ఇంకేం పోతాయో అప్పుడే తెలుస్తుంది. మానిటర్‌లో స్పీకర్లుంటే ఇన్నాళ్లూ ధ్వని అందులోంచే వస్తుండవచ్చు. ఇప్పుడది లాప్‌టాప్‌కు మారుతుంది. వెబ్‌క్యామ్ మానిటర్ నెత్తిన ఉంటే దాని చోటూ మారాలి. అసలు చిక్కు యూఎస్‌బీ-సి వాళ్లది. ఒకే వైరుతో బొమ్మ, చార్జింగ్, కీబోర్డు, మౌస్, నెట్ వైరు అన్నీ నడిపేవాళ్లు ఆ వైరు పీకగానే అన్నీ పోగొట్టుకుంటారు. చార్జర్ విడిగా పెట్టాలన్న సంగతి పరీక్ష మొదలైన గంటకు, బ్యాటరీ ఎర్రబడ్డాక గుర్తొస్తే చేసేదేమీ ఉండదు. చాలా పరీక్షల్లో మధ్యలో లేవడానికి ఒప్పుకోరు. కాబట్టి పరీక్ష సంస్థ ఇచ్చే సిస్టమ్ టెస్ట్‌ను వైరు పీకాకే, రేపు కూర్చోబోయే స్థితిలోనే నడపాలి. మానిటర్ ఉండగా చేసిన టెస్ట్ మైకు గురించి గానీ కెమెరా గురించి గానీ రేపటి సంగతి చెప్పదు.

పీకాక Display పేజీలో అంకెల పెట్టెలు మాయమవ్వాలి. Device Manager తెరిచి Monitors పక్కన బాణం నొక్కితే ఒక్క పేరే ఉండాలి. ఇంకా రెండు కనిపిస్తుంటే, లేదా పరీక్ష సాఫ్ట్‌వేర్ రెండో తెర ఉందంటూ పట్టుబడితే, వైరు లేని తెర ఏదో ఉందన్నమాట. టాబ్లెట్‌ను రెండో తెరగా మార్చే యాప్, టీవీకి వైర్‌లెస్‌గా పంపిన బొమ్మ, యూఎస్‌బీ నుంచి తెరను నడిపే డిస్‌ప్లేలింక్ డాక్, ఇవే ఎక్కువగా దొరికే దొంగలు. Win+K నొక్కి టీవీ తగిలి ఉంటే తెంచేయాలి. యాప్‌ను పూర్తిగా మూసేయాలి, అవసరమైతే తీసేయాలి. డాక్ వైరు కూడా పీకి, ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ చూడాలి.

బల్ల మీద మిగిలిన ఆ నల్లని మానిటర్‌ను ఏం చేయాలన్నది పరీక్షను బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల వైరు తీసేసి ఉంటే చాలంటారు, కొందరు ఎదురుగా ఉండనివ్వరు. ఆన్‌వ్యూలో మొదలుపెట్టే ముందే గది నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపాలి, ఆ ఫొటోల్లో మానిటర్ పడుతుంది. తీసి పక్క గదిలో పెట్టగలిగితే గొడవే లేదు. గోడకు బిగించి ఉంటే ప్లగ్గు కూడా తీసి, రెండు వైర్ల కొసలూ కెమెరాకు కనిపించేలా బయటికి వేలాడేయండి. ప్రాక్టర్ అడిగినప్పుడు వెతుక్కోకుండా చూపించవచ్చు.

పరీక్ష ముగిశాక తొందర పనికిరాదు. ఆఖరి ప్రశ్న తర్వాత కూడా సర్వే, ఫలితం లాంటి పేజీలు రావచ్చు, అప్పటిదాకా సాఫ్ట్‌వేర్ కాపలా కాస్తూనే ఉంటుంది. మధ్యలో విరామం ఇచ్చినా వైరు జోలికి పోకూడదు. ఆ సాఫ్ట్‌వేర్ పూర్తిగా మూతపడి మామూలు డెస్క్‌టాప్ కనిపించాకే ఫొటో చూసి అదే రంధ్రంలో వైరు పెట్టాలి. మన కూకట్‌పల్లి ఆయనకు కొన్ని సెకన్లలో మానిటర్ ఎడమ పక్కనే, ప్రధాన తెరగానే, 100 శాతంతోనే రావాలి.

రాకపోతే ముందు చూడాల్సింది పోర్టు. లాప్‌టాప్‌కు రెండు యూఎస్‌బీ-సి రంధ్రాలుండి వైరు పక్క దాంట్లో పడితే విండోస్‌కు అది కొత్త జట్టు, కొత్త పద్దు. మానిటర్ కుడి పక్కన, తనకు తోచిన సైజుతో వస్తుంది. వైరు మార్చి పెడితే చాలు. పోర్టు సరైనదే అయినా మానిటర్ నల్లగా ఉంటే Win+P, ఆపై Extend. అదీ కాకపోతే Display పేజీలో Multiple displays కింద Detect. ఎడమ కుడి తారుమారైతే అంకెల పెట్టెను మౌస్‌తో లాగి ఫొటోలో ఉన్న చోట పెట్టి Apply నొక్కాలి. ఎత్తు కూడా చూసుకోండి, పెట్టె కాస్త పైకో కిందికో జరిగితే మౌస్ ఒక తెర నుంచి ఇంకో తెరకు దాటేటప్పుడు అంచున తట్టుకుంటుంది. ఒకే మోడల్ మానిటర్లు రెండున్నవాళ్లకు అవి ఒకదాని చోట ఒకటి రావడం తరచూ జరిగేదే, అప్పుడూ లాగి సరిచేయడమే దారి.

ఏదైనా విండో కనపడకుండా పోతే కింద టాస్క్‌బార్‌లో దాన్ని నొక్కి, Win+Shift పట్టుకుని ఎడమ బాణమో కుడి బాణమో కొడితే ఈ తెర మీదికి దూకుతుంది. పాట పెడితే వినపడకపోతే ధ్వని మళ్లీ మానిటర్ వైపు వెళ్లి ఉంటుంది. గడియారం పక్కన స్పీకర్ గుర్తు నొక్కి లాప్‌టాప్ స్పీకర్లను ఎంచుకోవడమే.