లీటరు పాలకు పనీర్ ఎంత? బరువు ఎంతసేపు?

లీటరు పాలు విరగ్గొడితే పావుకిలో పనీర్ గ్యారంటీ అని వీడియోల్లో చూస్తాం. ఇంట్లో చేస్తే 140 గ్రాములే వస్తుంది. అప్పుడు మిర్యాలగూడలో మా వీధివాళ్లు ముందు అనుమానించేది పాలాయననే. నీళ్లు కలిపి ఉండొచ్చు, కాదనను. కానీ ముందు ఏ పాలు వాడారో చూడాలి.

పనీర్ అంటే పాలలోని కొవ్వు, ప్రొటీన్, వాటిలో చిక్కుకున్న నీళ్లు. ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో కొవ్వు 6 శాతం, అంటే లీటరుకు సుమారు 60 గ్రాములు. ప్రొటీన్ ఇంకో 35 గ్రాములు. కొంత తేట నీళ్లలో పోగా 90 గ్రాముల గట్టి పదార్థం గుడ్డలో మిగులుతుంది. మెత్తటి పనీర్‌లో సగానికి పైగా నీళ్లే కాబట్టి మొత్తం 200 గ్రాములు తూగుతుంది. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతమే. అందుకే 130, 140 దగ్గర ఆగిపోతుంది. చిక్కటి బర్రె పాలైతే 200 దాటుతుంది.

తేటను కూడా చూడండి. పాలు మరిగాక స్టవ్ ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, నీళ్లు కలిపిన నిమ్మరసం కొంచెం కొంచెంగా పోయాలి. తేట లేత పసుపుపచ్చగా, అద్దంలా కనిపించగానే ఆపేయాలి. ఇంకా తెల్లగా ఉందంటే పనీర్ కావాల్సింది అందులోనే ఉండిపోయిందన్నమాట. విరిగాక కూడా మరిగిస్తూ పోతే రబ్బరులా సాగుతుంది.

ఇక బరువు సంగతి. ఒక లీటరు ఫుల్ క్రీమ్ పాలను విరగ్గొట్టి రెండు సమాన భాగాలు చేశాను. రెండింటినీ వేడి మీదే గుడ్డలో చుట్టి, ఒక్కోదాని మీద రెండు లీటర్ల నీళ్లున్న గిన్నె పెట్టాను. పావుగంటకు తీసింది 110 గ్రాములు తూగింది. గంటకు తీసింది 93. తేడా అంతా నీళ్లే, పాలలోని సత్తువ ఏం పోలేదు. మొదటిది వేలితో నొక్కితే దిగిపోయింది, ముక్కలు కోస్తే అంచులు రాలాయి. భుర్జీకి, పరాఠా లోపలికి అదే బాగుంది. గంటది కత్తికి నీటుగా తెగింది, పెనం మీద విరగలేదు, కానీ నమిలితే కాస్త పొడిపొడిగా ఉంది. పాలక్ పనీర్‌లాంటి కూరకు నేను అరగంటే ఉంచుతాను.

వేడి మీదే అన్నానని గమనించారా? చల్లారిన విరుగుడు పలుకులు ఒకదానికొకటి అతుక్కోవు. అప్పుడు మూడు గంటలు బరువు పెట్టినా కోసేటప్పుడు పొడి అవుతుంది. బరువు తీశాక గంటసేపు చల్లటి నీళ్లలో వేస్తే ముక్క బిగుసుకుంటుంది. అప్పుడే కోయండి.