పెట్టె లేని గేమ్ కంట్రోలర్‌ను గుర్తుపట్టడం

పెట్టె పోయిన పాత కంట్రోలర్ ఏ యంత్రానిదో తేల్చాలంటే ముందు చూడాల్సింది దాని వైరు చివరనున్న ప్లగ్గు. పైపై ఆకారాన్ని ఎవరైనా అనుకరించగలరు.

1990లలో మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ వీడియో గేములే ఇందుకు మంచి ఉదాహరణ. వాటిలో చాలావరకు నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్లు. కొన్నిటి రూపం అచ్చం సోనీ ప్లేస్టేషన్‌లా ఉంటుంది. కానీ మూత తెరిస్తే సీడీ పెట్టే చోటు ఉండదు, క్యాసెట్ గాడి కనిపిస్తుంది. కంట్రోలర్‌ను తిప్పి చూసినా గుట్టు తెలిసిపోతుంది. అసలు ప్లేస్టేషన్ ప్లగ్గు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. నకలుది చాలాసార్లు ఒక వరుసలో ఐదు, రెండో వరుసలో నాలుగు రంధ్రాలున్న ప్లగ్గు.

చిక్కంతా ఈ తొమ్మిది రంధ్రాల ప్లగ్గుతోనే. అటారీ 2600కూ, సెగా మెగా డ్రైవ్‌కూ ఉన్నది అదే. అక్కడ మీటలు చూడాలి. ఒక కర్ర, ఒకే మీట ఉంటే అటారీ పద్ధతి. ఎ, బి, సి అని మూడు మీటలు, స్టార్ట్ ఉంటే మెగా డ్రైవ్. ఎ, బి, వాటికి తోడు టర్బో మీటలు, సెలెక్ట్, స్టార్ట్ ఉంటే ఫ్యామికామ్ నకలు.

ప్లగ్గు సరిపోయిందని గుచ్చి పరీక్షించకూడదు. లోపలి వైర్ల అమరిక వేరు కాబట్టి మీటలు పనిచేయకపోవడమే కాదు, యంత్రమే పాడయ్యే ప్రమాదం ఉంది.