వైవాలో ప్రశ్నలన్నీ మీ రిపోర్టులోనే ఉంటాయి

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయ్యాక, రిపోర్టు మీద జరిగే వైవా అంటే చాలామందికి బెదురు పట్టుకుంది. ఆ బెదురుతో రాత్రంతా కూర్చుని పాఠ్యపుస్తకంలోని నిర్వచనాలు బట్టీ పడతారు. ఎగ్జామినర్ మాత్రం రిపోర్టు తెరిచి, ఒక పట్టిక మీద వేలు పెట్టి, "ఇది నువ్వే చేశావామ్మా?" అని అడుగుతారు. వైవాలో అసలు పరీక్ష అదే.

విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో పనిచేసిన బి.కామ్ అమ్మాయిని ఊహించుకుందాం. ఒక హార్డ్‌వేర్ షాపు కొనుగోళ్ల రిజిస్టరును జీఎస్టీఆర్-2బితో సరిచూడడం ఆమె పని. సరుకు అమ్మినవాళ్లు తమ రిటర్నుల్లో చూపించిన బిల్లులను బట్టి, కొన్న షాపుకు ఎంత పన్ను క్రెడిట్ రావాలో ఆ 2బి పత్రం చెబుతుంది. రిజిస్టరులో 42 బిల్లులు, రూ.86,400 పన్ను ఉన్నాయి. 2బిలో కనిపించినవి 39 బిల్లులు, రూ.77,400. రిపోర్టులో ఆమె వేసిన పట్టిక ఇంతే.

మొదటి ప్రశ్న ఈ తేడా మీదే వస్తుంది. "తొమ్మిది వేలు ఎక్కడికి పోయాయి?" దీనికి "టెక్నికల్ కారణాల వల్ల" అని జవాబిస్తే కథ అక్కడితో అయిపోయినట్టే. ఆమె చెప్పాల్సింది ఇలా ఉంటుంది: "మూడు బిల్లులు రాలేదు సర్. వాటి పన్ను 4,500, 2,700, 1,800. మొదటి రెండు బిల్లులు ఇచ్చిన డీలర్లు జీఎస్టీఆర్-1 గడువైన 11వ తేదీ దాటాక వేశారు. అవి తర్వాతి నెల 2బిలో వస్తాయి. మూడో డీలరు మా క్లయింటు జీఎస్టీ నంబరు వేయకుండా మామూలు కొనుగోలుదారుకి అమ్మినట్టు చూపించారు. ఆయన సవరిస్తేనే వస్తుంది."

"బిల్లు చేతిలో ఉందిగా, క్రెడిట్ తీసుకుంటే ఏం?" అన్నది రెండో ప్రశ్న. చాలామంది తడబడేది ఇక్కడే. 2022 జనవరి 1 నుంచి చట్టంలో ఉన్న షరతు ప్రకారం, అమ్మినవారు ఆ బిల్లును తమ రిటర్నులో చూపించి, అది 2బిలోకి వస్తేనే క్రెడిట్. ఆ ఒక్క వాక్యం నిదానంగా చెప్పి ఆగితే చాలు. సెక్షన్ నంబరు గుర్తుంటే చెప్పండి. లేకపోతే ఊహించి చెప్పకండి, తప్పు నంబరు ఇంకో నాలుగు ప్రశ్నలను వెంట తెస్తుంది.

"ఈ బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ తొమ్మిదేసి శాతం ఉంటే, పక్క బిల్లులో ఐజీఎస్టీ 18 ఎందుకుంది?" అని కూడా అడగొచ్చు. మొదటిది గుంటూరు డీలరుది, రెండోది హైదరాబాద్ నుంచి వచ్చిన సరుకు. రాష్ట్రం దాటింది కాబట్టి ఐజీఎస్టీ.

"రిటర్ను నువ్వే ఫైల్ చేశావా?" అంటే, "లేదు సర్, షీటు నేను తయారు చేశాను. సీనియర్ గారు చూసి ఫైల్ చేశారు" అనాలి. ఇంటర్నుకు పాస్‌వర్డు ఇవ్వరని ఎగ్జామినర్‌కు తెలుసు. చేయని పనిని చేశానని చెప్పుకుంటే చేసిన పని మీద కూడా నమ్మకం పోతుంది.

అన్నిటికన్నా ఎక్కువమందిని పట్టించేది లాగ్‌బుక్. 2బి సాధారణంగా నెలలో 14న తయారవుతుంది. లాగ్‌బుక్‌లో మాత్రం "9వ తేదీ: గత నెల 2బి సరిచూశాను" అని ఉంటుంది. ఆదివారాల్లో కూడా హాజరు కనిపిస్తుంది. చివరి వారంలో కూర్చుని మొత్తం ఒకేసారి నింపారని చెప్పడానికి ఇంకేం కావాలి? నిజంగా పనిచేసిన పిల్లలు కూడా ఈ బద్ధకం వల్ల అనుమానం పాలవడం చూస్తే బాధేస్తుంది. రిపోర్టు బైండింగుకు వెళ్లకముందే రిపోర్టునూ లాగ్‌బుక్‌నూ పక్కపక్కన పెట్టి తేదీలు చూడండి. పొరపాటు ఉంటే ఆఫీసులో మీ పని చూసినవారికి చెప్పి, దిద్ది, సంతకం పెట్టించుకోండి. వైవాలోనే బయటపడితే "ఆ తేదీ తప్పు పడింది సర్, సరిచూసింది 14 తర్వాత" అని ఒప్పేసుకోండి.

సన్నద్ధతకు ఒక సాయంత్రం చాలు. పట్టిక మూసేసి, తెల్లకాగితం మీద ఆ తొమ్మిది వేల లెక్క మళ్లీ వేయండి. ప్రతి అంకె ఏ కాగితంలోంచి వచ్చిందో పైకి చెప్పండి. ఎక్కడ ఆగిపోతారో ఎగ్జామినర్ అడిగేది అక్కడే, కాబట్టి అప్పుడే ఆఫీసు సీనియర్‌కు ఫోన్ చేసి అడగండి. ఇంకో మాట. అనుబంధంలో పెట్టిన బిల్లుల మీద క్లయింటు పేరు, జీఎస్టీ నంబరు కనబడకుండా కొట్టేశారో లేదో చూసుకోండి. ఆ కాగితాలు మీవి కావు.