ఫైనల్ పరీక్షలో ఎన్ని మార్కులు రావాలి?



"మా బాబుకి 85 శాతం రావాలంటే ఫైనల్‌లో ఎంత తెచ్చుకోవాలి మేడమ్?" అని పీటీఎంలో చాలామంది అడుగుతుంటారు. ఈ లెక్క మీరే ఇంట్లో వేసుకోవచ్చు.

సీబీఎస్ఈ పదో తరగతి మ్యాథ్స్ తీసుకుందాం. మొత్తం 100లో ఇంటర్నల్స్‌కి 20, బోర్డు పరీక్షకి 80. మీ బాబుకి ఇంటర్నల్స్‌లో 16 వచ్చాయనుకోండి. 85లోంచి 16 తీసేస్తే 69. అంటే పేపర్‌లో 80కి 69 రావాలి. శాతంలో చెప్పాలంటే 86.25.

చాలామంది పొరపడేది ఇక్కడే. 20కి 16 అంటే 80 శాతం కదా, సగటు 85 రావాలంటే ఫైనల్‌లో 90 శాతం, అంటే 72 మార్కులు రావాలనుకుంటారు. రెండిటికీ సమాన వాటా ఉంటేనే అలా సగటు తీయాలి. ఇక్కడ పరీక్ష వాటా నాలుగు రెట్లు. పాపం, పిల్లాడి మీద అనవసరంగా మూడు మార్కుల భారం వేసినట్టే!

ఒక్కోసారి లెక్క 80 దాటిపోతుంది. ఇంటర్నల్స్‌లో 14 వచ్చి, లక్ష్యం 95 అయితే 80కి 81 కావాలి. అది కుదరదు. అప్పుడు ఆ సబ్జెక్టులో 94కి మించి రాదని ముందే తెలిసిపోతుంది.

ప్రీబోర్డు రిపోర్టులో శాతం మాత్రమే ఉంటే దాన్ని 80కి మార్చి చూడండి. 75 శాతం అంటే 60 మార్కులు. మన ఉదాహరణలో బాబుకి ఇంకా కావాల్సినవి 9.