బీడీ తాగేవాళ్ల ఉబ్బసం రోజూ పీల్చే మందుకు ఎందుకు లొంగదు?

జువ్వలదిన్నె వైపు పడవ మీదికెళ్లే నలభై అయిదేళ్ల మనిషిని ఒకణ్ణి ఊహించుకుందాం. చిన్నప్పటి నుంచి ఉబ్బసం, ఇరవై ఏళ్ల నుంచి బీడీ. కార్తీక మాసపు వానల్లో ఆయాసం పెరిగి నెల్లూరు వెళ్తే డాక్టరు రెండు పీల్చే మందులు రాశారు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు వాడుకునే సాల్బుటమాల్ పఫ్. రెండోది ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ పొద్దున, రాత్రి పీల్చాల్సిన స్టెరాయిడ్ మందు. రెండు నెలలకు ఆయన తిరిగొచ్చి, "మొదటిది పీలిస్తే అయిదు నిమిషాల్లో దమ్ము తిరుగుతుంది సార్. ఆ రెండోది మాత్రం పన్జెయ్యటంలా" అంటాడు.

రోజూ మందు పీలుస్తున్నానని అతను చెప్పేది నిజమే కావచ్చు. మందూ మంచిదే, మోతాదూ సరైనదే. అయినా పని జరగడం లేదు. దీన్ని మొదట నిలకడగా పరీక్షించి చూసినవాళ్లలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరపు వైద్యులు ముఖ్యులు. నీల్ థామ్సన్ బృందం అక్కడ తేలికపాటి ఉబ్బసం ఉండి, అంతవరకూ స్టెరాయిడ్ వాడని 38 మందిని తీసుకుంది. వాళ్లలో కొందరు పొగతాగేవాళ్లు, కొందరు కారు. అందరికీ మూడు వారాల పాటు రోజుకు 1000 మైక్రోగ్రాముల ఫ్లూటికాసోన్ పీల్పించారు. అది చిన్న మోతాదేమీ కాదు. పొద్దున్నే ఎంత వేగంగా గాలి ఊదగలుగుతున్నారో పీక్‌ఫ్లో మీటరుతో కొలిచారు. పొగతాగని వాళ్లలో ఊదే వేగం నిమిషానికి సగటున 27 లీటర్లు పెరిగింది. పొగతాగేవాళ్లలో పెరగకపోగా 5 లీటర్లు తగ్గింది. 2002లో అచ్చయిన ఈ ఫలితం చాలామంది వైద్యులను ఆలోచనలో పడేసింది. ఎందుకంటే ఉబ్బసం మందుల పెద్ద పరీక్షలు చాలావాటిలో పొగతాగేవాళ్లను మొదటే పక్కన పెట్టేస్తారు. "ఈ మందు బాగా పనిచేస్తుంది" అని పుస్తకాల్లో ఉన్నది ఎక్కువగా పొగతాగని వాళ్ల సంగతి.

పొగ వల్ల మందు ఊపిరితిత్తుల లోపలికి వెళ్లడం లేదేమో అన్న అనుమానం రావచ్చు. 2003లో అదే బృందం దాన్నీ తేల్చింది. పీల్చే మందు కాకుండా ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున రెండు వారాలు ఇచ్చారు. మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, శ్వాసనాళాల దారి మూసుకుపోయిందా లేదా అన్న ప్రశ్నే ఉండదు. ఎప్పుడూ పొగతాగని వాళ్లలో మొదటి సెకనులో ఊదగలిగే గాలి 237 మిల్లీలీటర్లు పెరిగింది. పొగతాగేవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కాబట్టి మందు చేరకపోవడం ఒక్కటే కారణం కాదు. చేరిన తరువాత కణం లోపల ఏదో తప్పుతోంది.

అక్కడ జరిగేది ఇది. మన కణాల్లో డీఎన్‌ఏ పోగు హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ, వెంకటగిరి మగ్గం దగ్గర కండెకు నూలు చుట్టినట్టు చుట్టుకుని ఉంటుంది. చుట్టు బిగుతుగా ఉన్నంతసేపూ ఆ భాగంలోని జన్యువు పలకదు. వదులైతే పనిలోకి దిగుతుంది. ఉబ్బసంలో వాపు పుట్టించే జన్యువుల దగ్గర చుట్టు వదులై ఉంటుంది. స్టెరాయిడ్ కణంలోకి వెళ్లి, తన గ్రాహకాన్ని పట్టుకుని, కేంద్రకంలోకి చేరి, సరిగ్గా ఆ వదులైన చోట హెచ్‌డాక్‌-2 అనే ఎంజైమును రప్పిస్తుంది. ఆ ఎంజైమే చుట్టును మళ్లీ బిగిస్తుంది. వాపు జన్యువు నోరు మూస్తుంది. అంటే వాపును ఆపే అసలు చెయ్యి స్టెరాయిడ్‌ది కాదు, హెచ్‌డాక్‌-2ది. పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల కణాల్లో ఈ ఎంజైము చురుకుదనం తగ్గిపోయి ఉంటుందని లండన్‌లో పీటర్ బార్న్స్, కజుహిరో ఇటో బృందం 2001లో చూపింది. పొగలోని ఆక్సీకరణ పదార్థాల వల్ల ఊపిరితిత్తుల్లో పెరాక్సీనైట్రైట్ వంటి తీవ్రమైన రసాయనాలు పుడతాయి. అవి హెచ్‌డాక్‌-2ను పట్టి దెబ్బతీస్తే, పాడైన ఎంజైమును కణమే విరిచి పారేస్తుంది. స్టెరాయిడ్ చోటికి చేరుతుంది, పిలుస్తుంది, పలికేది తగినంతగా ఉండదు.

వాపు స్వభావం కూడా మారిపోతుంది. మామూలు ఉబ్బసంలో శ్వాసనాళాల్లో ఎక్కువగా చేరేవి ఇసినోఫిల్ అనే తెల్లకణాలు. స్టెరాయిడ్ వాటిని బాగా అణచగలదు. పొగతాగేవాళ్ల కఫాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే న్యూట్రోఫిల్ కణాలు మిక్కిలిగా కనిపిస్తాయి. వాటి మీద స్టెరాయిడ్ ప్రభావం తక్కువ, పైగా వాటి ఆయుష్షును కాస్త పొడిగిస్తుంది కూడా. గ్లాస్గో పరీక్షలు సిగరెట్ తాగేవాళ్ల మీద జరిగాయి. బీడీ పొగలోనూ అవే ఆక్సీకరణ పదార్థాలు, అదే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉన్నాయి. తునికాకు తొందరగా ఆరిపోతుంది కాబట్టి ఆరనివ్వకుండా గట్టిగా, మాటిమాటికీ దమ్ము లాగాలి. సిగరెట్ కంటే చిన్నది కదా అని బీడీని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు.

ఇక మన పడవ మనిషి చెప్పిన మొదటి పఫ్ సంగతి. సాల్బుటమాల్ హెచ్‌డాక్‌-2తో పనిలేకుండా శ్వాసనాళం చుట్టూ ఉన్న కండరాన్ని నేరుగా వదులు చేస్తుంది. అందుకే పొగతాగేవాడిలోనూ అది నిమిషాల్లో గుణం చూపిస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది. గుణం కనిపించే మందే మంచి మందని, కనిపించనిది దండగని అతనికి తోస్తుంది. రోజూ పీల్చాల్సింది అటక ఎక్కుతుంది, సాల్బుటమాల్ మాత్రం రోజుకు నాలుగుసార్లు, ఆరుసార్లు అవుతుంది. లోపల వాపు అలాగే పెరుగుతుంటుంది. దీన్ని లెక్క పెట్టడం తేలికే. ఒక సాల్బుటమాల్ డబ్బాలో మామూలుగా 200 పఫ్‌లుంటాయి. ఏడాదికి మూడు డబ్బాలు దాటితే ఉబ్బసం అదుపులో లేనట్టే, తీవ్రమైన ఆయాసం రాగల ముప్పు పెరిగినట్టే. నెలకొకటి అయిపోతుంటే ప్రాణం మీదికి వచ్చే ముప్పు. డబ్బా తెరిచిన తేదీని దాని మీద పెన్నుతో రాసుకోమని నా సలహా.

అయితే పొగతాగేవాడికి మందు పనిచెయ్యకపోతే నేరం ప్రతిసారీ పొగ మీదికే నెట్టేయకూడదు. ముందు పీల్చే తీరు చూడాలి. గ్యాసు పఫ్ నొక్కేటప్పుడే నిదానంగా, లోతుగా లాగాలి. పొడి మందు గుళిక అయితే బలంగా లాగాలి. రెండింటినీ తారుమారు చేసేవాళ్లు చాలామంది. లాగాక ఊపిరి పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. గుళిక లోపల పొడి మిగిలి ఉంటే లాగింది చాలలేదని అర్థం. రెండో అనుమానం సీఓపీడీ. నలభై దాటి, ఏళ్ల తరబడి పొగతాగినవాళ్లలో అది ఉబ్బసంతో కలిసి గానీ, ఉబ్బసం వేషంలో గానీ ఉంటుంది. స్పైరోమెట్రీలో సాల్బుటమాల్ ఇచ్చి మళ్లీ ఊదిస్తే మొదటి సెకను గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు మించి పెరిగితే ఉబ్బసం వైపు మొగ్గు ఉన్నట్టు. ఈ పరీక్ష చెయ్యకుండా మందులు మార్చుకుంటూ పోవడం చీకట్లో వల విసరడమే.

మందు ఎక్కువ చేస్తే? కొంత గుణం ఉంది. గ్లాస్గోలోనే రోజుకు 400 మైక్రోగ్రాముల బెక్లోమెటాసోన్‌ను 2000తో పోల్చి చూశారు. తక్కువ మోతాదులో పొగతాగేవాళ్లు బాగా వెనకబడ్డారు, ఎక్కువ మోతాదులో ఆ తేడా తగ్గింది. కానీ అంత మోతాదు ఏళ్ల తరబడి పీలిస్తే గొంతు బొంగురు, నోట్లో పూత, ఎముకలు పలచబడడం వంటివి వెంట వస్తాయి. ఇందులో గమనించాల్సింది మరొకటి ఉంది. పొగతాగుతున్నా స్టెరాయిడ్ పూర్తిగా వ్యర్థం కాదు. "నేనెలాగూ బీడీ మానను, ఇంక మందెందుకు" అని రోజూ పీల్చేది ఆపేయడం తప్పు.

మానేస్తే ఏమవుతుందో 2006లో అదే బృందం కొలిచింది. ఉబ్బసం ఉన్న పొగతాగేవాళ్లలో మానినవాళ్లు పదిమంది, తాగడం కొనసాగించినవాళ్లు పదకొండుమంది. ఆరు వారాలకు రెండు గుంపుల్నీ పోల్చి చూస్తే మానినవాళ్లు మొదటి సెకనులో ఊదే గాలి సగటున 407 మిల్లీలీటర్లు మెరుగైంది. కఫంలో న్యూట్రోఫిల్‌ల పాలు కూడా బాగా తగ్గింది. రెండు లీటర్ల చిల్లర ఊదే మనిషికి ఇంచుమించు నాలుగు వందల మిల్లీలీటర్లు కలవడమంటే, వల లాగేటప్పుడు మధ్యలో కూర్చోవాల్సిన అవసరం తగ్గడం. ఇది చిన్న పరీక్ష. మానడమా మానకపోవడమా అన్నది వాళ్లే ఎంచుకున్నారు కాబట్టి రెండు గుంపుల మధ్య వేరే తేడాలూ ఉండొచ్చు. మానినవాళ్లందరికీ స్టెరాయిడ్ స్పందన మామూలు స్థాయికి తిరిగి వస్తుందని కూడా చెప్పలేం. 2003 పరీక్షలో మాజీ పొగరాయుళ్లు మధ్యలో ఎక్కడో నిలిచారు. డెన్మార్క్‌లో 2005లో అచ్చయిన మరో పరీక్షలో పూర్తిగా మానినవాళ్లకు ఆయాసం, సాల్బుటమాల్ వాడకం తగ్గాయి. సగానికి సగం తగ్గించుకున్నవాళ్లకు లాభం బాగా తక్కువ. రోజుకు కట్ట తాగేవాడు అరకట్టకు దిగితే ఉబ్బసానికి తెలిసేది కొద్దే.

ఆరు వారాలంటే 42 రోజులు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. పడవ మీద తోటివాళ్ల చేతి బీడీ అందని రోజులు అవి. మానడానికి, ఫలితం పీక్‌ఫ్లో మీటరు మీద కంటితో చూసుకోవడానికి నాకు అంతకంటే మంచి సమయం కనబడదు. నిషేధం మొదలైన రోజు పొద్దున మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చినది రాసుకోవాలి, తరువాత రోజూ అదే వేళకు రాయాలి. రోజూ పీల్చే స్టెరాయిడ్ మాత్రం అలాగే కొనసాగాలి. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ చీటీ లేకుండా మందుల షాపులో దొరుకుతుంది. హెచ్‌డాక్‌-2ను పాడుచేసేది పొగలోని ఆక్సీకరణ పదార్థాలు కాబట్టి, గమ్‌లో నికోటిన్ ఉంది కదా అని భయపడనక్కర్లేదు. సిగరెట్ పెట్టెల మీద అచ్చేసే 1800-11-2356 ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే మానడానికి సలహా ఇస్తారు.

చివరగా చాలామందికి తెలియని ఒక చిక్కు. మన వైపు ఆయాసానికి డెరిఫిలిన్ మాత్ర వాడకం ఎక్కువ. అందులో ఉన్నది థియోఫిలిన్, దాని బంధువు ఎటోఫిలిన్. బీడీ పొగలోని తారు కాలేయంలో ఒక ఎంజైమును రెచ్చగొట్టి థియోఫిలిన్‌ను త్వరగా కరిగించేస్తుంది, అందుకే పొగతాగేవాడికి మోతాదు ఎక్కువ పట్టవచ్చు. పొగ మానిన వారంలోనే ఆ కరిగే వేగం మూడో వంతుకు పైగా పడిపోతుంది. నికోటిన్ గమ్ నములుతున్నా పడిపోతుంది, ఎందుకంటే కారణం తారే గానీ నికోటిన్ కాదు. అదే మాత్ర అదే మోతాదులో వేసుకుంటూ ఉంటే మందు రక్తంలో పేరుకుని వికారం, వాంతులు, గుండె దడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తాయి. బీడీ మానిన మనిషి దాన్ని బీడీ లేక వచ్చిన బాధ అనుకుంటాడు, నాలుగు రోజులకు మళ్లీ అంటించుకుంటాడు. అంటించుకున్నాక తారు తిరిగి మందును కరిగించేసి బాధ నిజంగానే తగ్గుతుంది, దాంతో ఆ అనుమానం బలపడుతుంది. థియోఫిలిన్ వాడేవాళ్లు మానబోయే తేదీని ముందే డాక్టరుకు చెప్పాలి. మామూలుగా మోతాదును పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గిస్తారు. మానిన తరువాతి వారంలో దడ, వాంతులు మొదలైతే బీడీ వైపు కాకుండా ఆ మాత్ర వైపు చూడాలి.