ఫిన్ కాఫీ: చిక్కదనమంతా చుక్కల వేగంలోనే

వియత్నాంలో హోటల్లో కాఫీ చెబితే, అది ఇంకా తయారవుతుండగానే తెచ్చి బల్ల మీద పెట్టడం మామూలే. గాజు గ్లాసు అడుగున తెల్లగా కండెన్స్‌డ్ మిల్క్, గ్లాసు మీద చిన్న స్టీలు ఫిల్టరు, అందులోంచి ఒక్కొక్కటిగా రాలే నల్లటి చుక్కలు. ఆ ఫిల్టరును అక్కడ ఫిన్ అంటారు. కాఫీ మొక్కను ఆ దేశానికి తెచ్చింది 19వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు. ఆ ఎండల్లో తాజా పాలు దొరకడమూ నిలవుండడమూ కష్టం కాబట్టి డబ్బాపాలు అలవాటయ్యాయి. అక్కడ పండేది ఎక్కువగా రోబస్టా రకం. దాన్ని బాగా నల్లబడేదాకా వేయిస్తారు. ఆ చేదుకు చిక్కటి తీపి పాలు సరిజోడు.

ఫిన్‌లో ఉండేవి నాలుగే భాగాలు: గ్లాసు మీద కూర్చునే చిల్లుల పళ్లెం, దానిపైన అడుగున చిల్లులున్న గిన్నె, లోపల పొడి మీద పెట్టే చిల్లుల బిళ్ల, ఆఖరున మూత. కాగితం ఉండదు. మన ఇత్తడి ఫిల్టరులాగే ఇక్కడా నీళ్లను కిందికి తోసేది వాటి బరువొక్కటే. అడ్డుపడేది తడిసి ఉబ్బిన పొడి. ఆ పొడి సందుల్లోంచి నీళ్లు ఎంత ఇబ్బందిగా దిగితే చుక్క అంత నెమ్మదిస్తుంది, కాఫీ సారం అంత ఎక్కువగా దిగుతుంది.

ఒక గ్లాసు లెక్క చూద్దాం. ముందుగా గ్లాసులో రెండు పెద్ద చెంచాల కండెన్స్‌డ్ మిల్క్ వేసుకోవాలి. ఫిన్‌ను వేడినీళ్లతో తడిపి వంపేసి, 20 గ్రాముల పొడి వేసి, గిన్నెను కాస్త తట్టి సమం చేసి, బిళ్లను ఊరికే పైన ఉంచాలి. మరిగిన నీళ్లను అర నిమిషం ఆగనిచ్చి, ముందు 20 మిల్లీలీటర్లు మాత్రమే పోయాలి. 30, 40 సెకన్లు ఆగితే పొడి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, లోపలి గాలి బయటికి పోతుంది. ఈ పని తప్పించుకుంటే నీళ్లు ఎండుపొడిలో ఏదో ఒక సందు చూసుకుని జారిపోతాయి, మిగతా పొడి వృథా. తర్వాత ఇంకో 80 మిల్లీలీటర్లు పోసి మూత పెట్టాలి. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు తనలోనే ఉంచుకుంటుంది. అందుకే పోసిన 100లో గ్లాసులోకి దిగేది 60 మిల్లీలీటర్లే.

చుక్కలు చుక్కలుగా పడుతూ, మొత్తం నాలుగైదు నిమిషాల్లో ముగిస్తే లెక్క కుదిరినట్టే. నీటిమట్టం తగ్గేకొద్దీ తోసే బరువూ తగ్గుతుంది కాబట్టి ఆఖర్న చుక్క మందగిస్తుంది. అది లోపం కాదు. రెండు నిమిషాల్లోనే ధారగా దిగిపోయిందంటే పొడి బరక. కాఫీ పలచగా, కాస్త పుల్లగా ఉంటుంది. పది నిమిషాలైనా తెమలకపోతే పొడి మరీ మెత్తన, సన్నటి నలుసు చిల్లులకు అడ్డం పడింది. అప్పుడు వచ్చేది చల్లారిన చేదు. చాలామంది బిళ్లను నొక్కి వేగం సరిచేయాలని చూస్తారు. నన్నడిగితే అది ఆఖరి మార్గం. మర బిగించే రకమైతే అర చుట్టు తేడాకే ఆగిపోవచ్చు. ముందు మార్చాల్సింది పొడి మెత్తదనం: పంచదార పలుకులకు దగ్గరగా ఉంటే చాలు.

మన కొట్లలో దొరికే ఫిల్టర్ కాఫీ పొడి చాలావరకు దీనికి పనికిరాదు. అది మరీ మెత్తన, పైగా అందులోని చికోరీ తడిసి జిగురుగా పట్టేస్తుంది. గింజలు కొని కొంచెం బరకగా మర పట్టించుకోవడం మేలు. అరకు గింజలు అరబికా కనుక వాటితో కాఫీ సువాసనగానే ఉంటుంది గానీ, అంత తీపిపాల ముందు తేలిపోతుంది. కర్ణాటక, కేరళల్లో పండే రోబస్టాను ముదురుగా వేయించినది దొరికితే అసలు రుచికి దగ్గరవుతారు.

ఘాటు తగ్గించాలంటే వాడేసిన పొడి మీదే ఇంకా నీళ్లు పోయకండి. మంచి సారమంతా మొదట్లోనే దిగిపోయి ఉంటుంది, ఆ తర్వాత వచ్చేది వగరు. గ్లాసులోనే వేడినీళ్లు కలుపుకుంటే రుచి చెడకుండా పలచనవుతుంది. ఘాటు పెంచాలంటే నాలుగైదు గ్రాముల పొడి ఎక్కువేసి, నీళ్లు అంతే ఉంచాలి. పొడి మందం పెరగ్గానే చుక్క తానే నెమ్మదిస్తుంది కాబట్టి, మర ఒక్క పిసరు బరకగా పట్టించుకోవాలి. ఐసు వేసుకునేవాళ్లు ఈ చిక్కటి కొలతే పట్టాలి. ముందు పాలూ కాఫీ అడుగునుంచి బాగా కలిపి, ఆ తర్వాతే ఐసు నింపిన గ్లాసులో పోసుకోవాలి. చల్లబడ్డాక కండెన్స్‌డ్ మిల్క్ గట్టిపడి ఎంత తిప్పినా కలవదు.