ఉల్క రష్యాలో పేలింది, వీడియో జర్మనీలో ఆగింది

2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఆకాశంలో ఉల్క పేలింది. కార్ల ముందు అద్దాలకు బిగించిన కెమెరాల్లో ఆ వెలుగంతా రికార్డయింది. ప్రపంచమంతా యూట్యూబ్‌లో ఆ దృశ్యాలు చూసింది. జర్మనీలో మాత్రం కొన్ని వీడియోలు తెరుచుకోలేదు. అడ్డుపడింది ఆ సమయంలో కారు రేడియోలో మోగుతున్న పాట!

జర్మనీలో సంగీతకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ గేమా. ఎంత చెల్లించాలన్న దగ్గర దానికీ యూట్యూబ్‌కూ 2009లో పేచీ వచ్చింది. 2016 నవంబరులో ఒప్పందం కుదిరేదాకా అక్కడివాళ్లకు ఎన్నో వీడియోలు దక్కలేదు.

వీడియో ఆగిందంటే ఎక్కువసార్లు కారణం ఇలాంటి హక్కుల లెక్కే. నైజాం, సీడెడ్, ఓవర్సీస్ అంటూ సినిమాను ఏరియాలుగా అమ్మినట్టే, ప్రసార హక్కులనూ దేశాలవారీగా అమ్ముతారు. 2023 నుంచి అయిదేళ్ల ఐపీఎల్ హక్కులకు 2022 జూన్‌లో వేలం జరిగింది. భారత్‌లో ఇంటర్నెట్ ప్రసార హక్కులు వయాకామ్18కి, అమెరికా హక్కులు టైమ్స్ ఇంటర్నెట్‌కు దక్కాయి. అందుకే 2023లో హైదరాబాద్ కుర్రాడు జియోసినిమాలో ఉచితంగా చూసిన మ్యాచ్‌నే, డల్లాస్‌లో ఉన్న అతని అన్న విల్లో చానల్‌కు చందా కట్టి చూడాల్సి వచ్చింది. జియోసినిమా అక్కడా చూపించి ఉంటే, డబ్బు పోసి కొన్నవాళ్ల హక్కుకు గండి కొట్టినట్టే. కానీ ఆ బేరంలో ప్రేక్షకుడికి చోటే లేదు. నష్టపోయేది మాత్రం అతనే.

చూసేవాళ్లు ఏ దేశంలో ఉన్నారో యాప్‌కు ప్రధానంగా ఐపీ అడ్రసు చెబుతుంది. పాస్‌పోర్టుతో దానికి పనిలేదు. భారతీయ సిమ్‌తో రోమింగ్‌లో ఉన్నప్పుడు డేటా చాలాసార్లు స్వదేశీ నెట్‌వర్క్ గుండానే వెళ్తుంది కాబట్టి, దుబాయ్‌లో ఉన్నా ఫోను భారత్‌లో ఉన్నట్టే కనిపించవచ్చు. హోటల్ వైఫైకి మారగానే అదే వీడియో ఆగిపోతుంది. వీపీఎన్‌తో దేశం మార్చి చూపించే దారి ఉంది గానీ, నమ్ముకోదగ్గది కాదు. 2016 నుంచి నెట్‌ఫ్లిక్స్ అలాంటి అడ్రసులను పట్టుకుని అడ్డుకోవడం మొదలుపెట్టింది.

అడ్డుకున్నది ఎవరో తెరమీది సందేశమే చాలావరకు చెప్పేస్తుంది. "The uploader has not made this video available in your country" అని కనిపిస్తే, ఆ దేశాన్ని మినహాయించింది వీడియో పెట్టినవాళ్లే. ప్రభుత్వ ఉత్తర్వు వల్ల ఆగితే సందేశంలో సాధారణంగా ఆ మాటే ఉంటుంది.

ఈ గోడకు చట్టంతో కిటికీ పెట్టింది యూరోపియన్ యూనియన్. డబ్బు కట్టి తీసుకున్న చందా, సభ్యదేశాల్లో ఎక్కడికి తాత్కాలికంగా వెళ్లినా సొంత దేశంలో లాగే పనిచేయాలని 2018 ఏప్రిల్ 1 నుంచి నియమం అమల్లోకి తెచ్చింది. బెర్లిన్‌లో చదువుకుంటున్న గుంటూరు అమ్మాయి ప్యారిస్ వెళ్తే ఆ హక్కు ఆమె వెంటే ఉంటుంది. సెలవులకు గుంటూరు వస్తే ఉండదు.